ఒకవైపు వాలు గదికి జీఐ రేకులా, సిమెంట్ రేకులా, పెంకులా?

ప్రశ్న: తిరుపతి దగ్గర ఇటుక గోడలతో 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది కడుతున్నాం. స్లాబుకు డబ్బులు చాలవు. ఒకవైపుకే వాలు పెట్టి జీఐ రేకులు, సిమెంట్ రేకులు, పెంకుల్లో ఏది వేస్తే మేలు?

జవాబు: ఒకవైపు వాలంటే పెంకులు వదిలేయండి. మంగళూరు పెంకుకు 30 డిగ్రీల వాలు ఉంటేనే మంచిది, తగ్గిస్తే గాలివానకు నీళ్ళు సందుల్లోంచి లోపలికి ఎగదన్నుతాయి. 12 అడుగులకు ఆ వాలు ఇవ్వాలంటే ఒక గోడ రెండో దానికంటే దాదాపు 7 అడుగులు ఎత్తు లేపాలి, ఎవరు కడతారు? రెండువైపులా వాల్చినా 500 దాకా పెంకులు పడతాయి, టన్ను పైనే బరువు, ఆ కర్రకే డబ్బులు అయిపోతాయి. చంద్రగిరి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళది పెంకుటిల్లే. ఎండాకాలంలో చల్లదనానికి దాన్ని మించింది లేదు, కానీ కొండ పక్క ఊరు కదా, కోతులు దూకినప్పుడల్లా నాలుగు పెంకులు మార్చాలి.

జీఐ రేకు తేలిక. 14 అడుగుల రేకు ఒకే ముక్కగా వేస్తే మధ్యలో అతుకే ఉండదు. మేం పశువుల కొట్టానికి అదే వేశాం. మనుషులుండే గదికైతే కింద సీలింగ్ లేకుండా వద్దు, మే నెలలో లోపల కూర్చోలేరు, చలికాలం తెల్లవారుజామున రేకు కింద చెమ్మ పట్టి చుక్కలు పడతాయి.

మీకు నేను చెప్పేది సిమెంట్ రేకే. మేం అద్దెకిచ్చే గదులకు అదే ఉంది. చుట్టూ అడుగు చూరు వదిలితే 2.25 మీటర్ల రేకులు వరుసకు 7 చొప్పున రెండు వరుసలు, మొత్తం 14 సరిపోతాయి. పై రేకు కింది రేకు మీద ఆరంగుళాలు ఎక్కాలి, ఆ అతుకు సరిగ్గా ఇనుప పైపు మీదికే రావాలి, పైపుకీ పైపుకీ మధ్య నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఇలా లెక్కేస్తే 5 వరుసల పైపులు పడతాయి.

ఈ రేకులు పగిలేది ఎక్కువగా బిగించేటప్పుడే. మేకు కొట్టి బొక్క చేస్తే అక్కడే సన్నటి చీలిక మొదలై రెండో వానాకాలానికి కారుతుంది, అందుకే డ్రిల్లుతోనే, రేకు అలల్లో ఎత్తుగా ఉన్న చోట, బోల్టు కంటే కాస్త పెద్ద బొక్క వేయించండి. జే బోల్టు వాషర్ అణిగేదాకా చాలు, అంతకుమించి బిగించొద్దు. నాలుగు రేకులు కలిసేచోట మధ్య రెండింటి మూలలు ఏటవాలుగా కోయాలి. చాలామంది మేస్త్రీలు ఇది ఎగ్గొడతారు, అప్పుడు నాలుగు మందాలు ఒకదాని మీద ఒకటి పడి రేకు పైకి లేచి ఉంటుంది, కార్తీకంలో ఈశాన్య గాలివాన ఆ సందులోంచే కొడుతుంది. కింద నిలబడి చూస్తే అతుకు దగ్గర వెలుతురు కనబడిందంటే కోయలేదనే అర్థం.

కోతకు గ్రైండర్ వద్దు. చాలా సిమెంట్ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్ళు పోసి చేతి రంపంతో బయటే కోయించండి, ఆస్‌బెస్టాస్ లేనివి దొరికితే అవే తీసుకోండి. పైకెక్కే మనిషి రేకు మీద అడుగు వేయకుండా పైపుల మీదుగా పలక పరుచుకోవాలి. పని అయ్యాక పైన తెల్లసున్నం రెండు పూతలు వేయించండి, లోపల వేడి తగ్గుతుంది, ఏటా ఎండలకు ముందు మళ్ళీ వేసుకోవాలి.