బండి రాదులేర కొడుక

తమ్ముడూ,

నువ్వు పంపిన పాట చదివాను. 2020 మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్‌లో గూడ్సు బండి కింద పడి చనిపోయిన పదహారు మంది మీద రాశావు. ‘కరోనా కాటుకు వలస బతుకులు బలి, మృత్యుశకటమై దూసుకొచ్చిన గూడ్సు’ అని ఎత్తుకున్నావు. ఈ రెండు పాదాలూ మర్నాటి పేపర్లో హెడ్డింగులుగా పెట్టుకోవచ్చు, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. కాటు, బలి, మృత్యుశకటం అనేవి డెస్కులో రాత్రి పదకొండింటికి పేజీ వదలాల్సిన తొందరలో పుట్టే మాటలు. వాళ్ల పనికి అవి సరిపోతాయి. పాటకి మాత్రం అవి ఆ వారం దాటి పనికిరావు.

అలాగని వాటిని కొట్టేసి ‘బతుకు పయనం’, ‘ఆకలి దారి’ అని రాయకు. పేర్లూ తేదీలూ తీసెయ్యమంటే చాలామంది చేసేది అదే. అప్పుడు పాట ఎవరి మీదైనా రాసినట్టే ఉంటుంది. తీసెయ్యాల్సింది ఊరి పేరు, రోగం పేరు, లెక్క. ఉంచాల్సింది ఆ మనుషులు ఆ రాత్రి అనుకున్నదీ, ముట్టుకున్నదీ.

కాబట్టి ముందు వార్తనే మళ్లీ చదువు. వాళ్లు జాల్నాలో స్టీలు ఫ్యాక్టరీ కూలీలు. సొంతూళ్లు మధ్యప్రదేశ్‌లో. భుసావల్ వెళితే ఊరికి ప్రత్యేక రైలు దొరుకుతుందని పట్టాల వెంబడి నడిచారు, అలిసిపోయి పట్టాల మీదే నిద్రపోయారు. లాక్‌డౌన్ కదా, రైళ్లు తిరగడం లేదనుకున్నారు. గూడ్సు బండ్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. నాకు ఈ వార్తలో పాట ఉన్న చోటు ఒక్కటే, ‘రైలు రాదు’ అన్న ఆ నమ్మకం. చావు గురించి అందరూ రాశారు, ఆ ధైర్యం గురించి రాసినవాళ్లు తక్కువ.

తర్వాత, ఎవరు పాడుతున్నారో తేల్చుకో. వార్తకి గొంతు ఉండదు, నీ పాటకీ లేదు. దూరంగా నిలబడి ఏడుస్తున్నావంతే. నేనైతే ఆ గుంపులో ఒక పెద్దాయన్ని పట్టుకుంటాను. పక్కనున్న కుర్రాడు పట్టాల మీద పడుకోవడానికి జంకుతుంటే ఆయన సర్దిచెబుతాడు. అంటే ఇది జోలపాట. తిస్రగతి దానికి బాగా కుదురుతుంది, మూడేసి మాత్రలు:

బండి రాదులేర కొడుక పండుకో
ఎండ రాక ముందె లేచి పోదము

ఇనుము సల్లగుంది తలకు దిండుగా
మనము తప్ప మనిషి లేడు దారిలో

చేత్తో తాళం వేసి చూడు. బండి, రాదు, లేర, కొడుక, అన్నీ మూడేసి మాత్రలే. పాదం చివర ‘పండుకో’ అయిదు, మిగిలిన ఒక మాత్ర ఊపిరికి. ‘పోదము’ నాలుగే కాబట్టి పాడేటప్పుడు కొంచెం సాగుతుంది. బండి-ఎండ, ఇనుము-మనము ప్రాస కలిశాయి. ప్రాస కోసం మాట తెచ్చినట్టు తెలిస్తే ఆ పాదం మార్చెయ్యాలి. ముసలాయన అలా మాట్లాడడు.

ఇక రొట్టెలు. పట్టాల మీద చెదిరిన రొట్టెల ఫొటో నువ్వూ వాడావు, ఆ నెలలో రాసిన ప్రతివాడూ వాడాడు. అందరూ చూసేసిన ఫొటో కూడా హెడ్డింగు లాంటిదే. అలాగని రొట్టెను వదులుకోలేం, అది వాళ్ల మూటలో నిజంగా ఉంది. ఫొటో కంటే కొన్ని గంటలు వెనక్కి వెళ్లు:

రొట్టె మూట విప్పవద్దు ఇప్పుడే
చెట్టు నీడ దొరికినాక తిందము

సంగతి తెలిసినవాడికి ఇక్కడ కడుపులో దేవినట్టవుతుంది. తెలియనివాడికి రేపటికి దాచుకున్న తిండి కనబడుతుంది, వాడికీ పాట నడుస్తుంది.

రైలు మాత్రం పాటలోకి రాకూడదు. మూడో చరణంలో కూత వేయించాలని చెయ్యి లాగుతుంది. వేయించావంటే పెద్దాయన గొంతు ఆగిపోయి మళ్లీ నువ్వు మాట్లాడటం మొదలవుతుంది. చరణం అయ్యాక పల్లవికి ఎలాగూ తిరిగొస్తాం, ‘బండి రాదులేర’ అని మూడోసారి వినబడేటప్పటికి వినేవాడికి భయం పుడుతుంది. ఆ పని పల్లవి చేస్తుంది.

రాశాక ఆ వార్త గుర్తులేని ఒకరికి వినిపించు. పదేళ్ల పిల్లలైతే మరీ మంచిది, వాళ్లకి ఆ ఏడాది సంగతి తెలియదు. ‘ఇది ఎప్పుడు జరిగింది’ అని అడిగితే పాటలో ఇంకా పేపరు మిగిలుందన్నమాట. ‘బండి వచ్చిందా’ అని అడిగితే వదిలెయ్, ఇక ముట్టుకోకు.

ఒక్క మాట. ధర్నాలో పాడటానికైతే ఇదంతా పక్కన పెట్టు. అక్కడ పేర్లు కావాలి, ఎవరు జవాబు చెప్పాలో అడగాలి, ‘పదహారు’ అన్న లెక్కా కావాలి. ఈ జోలపాట ఆ పని చెయ్యలేదు. రెంటినీ ఒకే పాటలో కలపబోతే రెండూ చెడతాయి. నీకు రెండూ రాయాలనుంటే రెండు పాటలు రాయి.

మూడో చరణం నువ్వే పూర్తిచేసి పంపు. పెద్దాయన కుర్రాడికి ఇంకేం చెప్పి నిద్రపుచ్చుతాడో ఆలోచించు. ఊళ్లో వాడి కోసం ఎదురుచూసే వాళ్ల గురించి అయ్యుండొచ్చు, తెగిన చెప్పు గురించైనా సరే.

ఉంటాను,
నీ అన్న