పంచింగ్ ప్రెస్‌కు పెద్ద మోటార్ అవసరమా?

"2 హెచ్‌పీ మోటార్. ఒక్కో రంధ్రం బాగానే పడుతోంది, వరుసగా కొడితే నాలుగోదానికి ఆగిపోతోంది. 5 హెచ్‌పీ వేయాలా?"

వద్దండీ. 10 మి.మీ. మైల్డ్ స్టీల్‌లో 25 మి.మీ. రంధ్రానికి సుమారు 1500 జౌళ్లు కావాలి. అది 0.1 సెకనులో ఖర్చయితే 15 కిలోవాట్లు, అంటే 20 హెచ్‌పీ! 5 హెచ్‌పీ కూడా నేరుగా లాగలేదు. ఆ దెబ్బ కొట్టేది ఫ్లైవీల్. దాని వేగం 200 నుంచి 180 ఆర్‌పీఎమ్‌కు తగ్గితే, దాచుకున్న శక్తిలో దాదాపు ఐదో వంతు బయటికొస్తుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కదా.

రెండు సెకన్లకో రంధ్రమైతే మోటార్ తిరిగి నింపాల్సింది సగటున 750 వాట్లే. ఘర్షణ కలిపినా మీ 2 హెచ్‌పీ సరిపోవాలి. మీ దగ్గర వేగం కోలుకోకముందే తర్వాతి దెబ్బ పడుతున్నట్టుంది. టాకోమీటర్ పెట్టి చూడండి. మోటార్ బాగానే తిరుగుతూ వీల్ వెనకబడితే బెల్టు జారుతోంది, పుల్లీ కూడా వేడెక్కుతుంది. ముందు బెల్టు బిగించండి.