బాకు తీసెయ్, కుర్చీ ఉంచు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మాస్కో చలి బాగా రాశావు. కానీ పీటర్ చక్రవర్తి బల్లమీద బాకు గుచ్చి "ఇదిగో మీ పేట్రియార్క్" అన్నాడు, తెల్లారేసరికి రష్యా చర్చికి పెద్ద అయిన ఆ పేట్రియార్క్ పదవి రద్దయిపోయింది అన్నచోట చిరాకేసింది. ఆ బాకు జనం చెప్పుకునే ముచ్చట. నిజమే అనుకున్నా, 1721 నాటికి అక్కడ పొడవడానికి ఏం మిగిలింది?

1700 అక్టోబరులో పేట్రియార్క్ అద్రియాన్ పోయాడు. పీటర్ రద్దు అనే మాటే ఎత్తలేదు. కొత్తవాణ్ణి ఎన్నుకోనివ్వలేదు, అంతే. స్తెఫాన్ యవోర్‌స్కీ అనే పెద్ద బిషప్పును ఇన్‌చార్జిగా కూర్చోబెట్టాడు. మరుసటి ఏడాది మఠాల భూములు, వాటి ఆదాయం ఒక సర్కారు శాఖ చేతికి వెళ్లాయి. అలా ఇరవై ఏళ్లు! అద్రియాన్ పోయిననాడు పుట్టిన పిల్లాడికి మీసాలొచ్చాయి, పేట్రియార్క్ అంటే ఎవరో వాడు ఎరగడు. అప్పుడు గానీ ప్రొకొపోవిచ్ అనే బిషప్పు రాసిన చర్చి నిబంధనలు రాలేదు. ఒకడే పెద్దగా ఉంటే పామరులు అతణ్ణి రెండో రాజనుకుంటారట, అందుకని సినడ్ అనే మండలి. దానికి మొదటి అధ్యక్షుడు ఎవరనుకున్నావు? ఆ యవోర్‌స్కీయే. నీ కథలో ఆయన పేరే లేదు.

ఇన్‌చార్జి అంటే ఏమిటో నాకు తెలుసు. నేను కథలు పంపిన ఒక పత్రికలో సంపాదకుడు పోయాక మూడేళ్లు ఇన్‌చార్జే నడిపాడు. వెళ్లినప్పుడల్లా టీ ఇప్పించి, "పెద్దాయన రానీండి, చూద్దాం" అనేవాడు. పెద్దాయన రాలేదు, పత్రికే పోయింది. కాదనేవాడుంటే పోట్లాడొచ్చు. ఖాళీ కుర్చీతో ఎలా పోట్లాడతాం? ఇప్పటి ఎడిటర్లకు మాత్రం మొదటి పేరాలోనే బాకు కావాలి.

ఇక చివర. పేట్రియార్క్‌ను నికొలస్ చక్రవర్తి మళ్లీ తెచ్చాడని రాశావు. తప్పు. 1905లో బిషప్పులు పేట్రియార్క్‌ను ఎన్నుకోడానికి మహాసభ కావాలంటే, ఇప్పుడు సమయం కాదన్నాడు. ఆయనదీ వాయిదాయే. 1917లో గద్దె దిగిపోయాకే సభ కూడింది. మాస్కోలో తుపాకులు పేలుతుండగా ఆ పదవికి ముగ్గుర్ని ఓట్లతో ఎంపిక చేశారు. పాత క్యాలెండర్ ప్రకారం నవంబరు 5న, క్రీస్తు రక్షకుని కెథీడ్రల్‌లో, చీట్లున్న పెట్టెకు వేసిన సీలు తీశారు. అలెక్సీ అనే ముసలి సన్యాసి చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాడు. తీఖోన్. ఓట్లలో ముగ్గురిలోకీ చివర ఎంపికైనవాడు.

పోటీకి పంపనా అని అడిగావు. ముందు యవోర్‌స్కీని తీసుకొచ్చి ఆ కుర్చీ పక్కన నిలబెట్టు. తిరగరాశాక నాకు పంపు. ఈసారి కాగితానికి ఒక పక్కనే రాయి, నా కళ్లు ఇదివరకట్లా లేవు.