కలిసి నడిచే రెండు వాక్యాలు

చి. హారికకు,

మొన్న మాక్ టెస్టులో వాక్యాలు వరసలో పెట్టే ప్రశ్నలు ఐదుకి నాలుగు తప్పాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గుంటూరులో పిల్లలకి ఇంగ్లీషు చెప్పినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసిన తప్పు ఒకటే. అందరూ ముందు మొదటి వాక్యం కోసం వెతుకుతారు. నువ్వు అలా చేయకు తల్లీ, ముందు జంటను వెతుకు.

మన బ్యారేజీ మీదే ఒక ప్రశ్న తయారుచేశాను, చూడు.

ఏ. ఆ ఆనకట్ట దాదాపు వందేళ్లు నిలిచింది.
బి. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1957లో పూర్తయింది.
సి. విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి ఒక ఆనకట్ట కట్టారు.
డి. కానీ 1952లో అది తెగిపోయింది.
ఇ. ఈ కొత్త కట్టడానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు.

చాలామంది సంవత్సరాలు చూసి సి, డి, బి అని పేర్చేస్తారు. అప్పుడు 'ఏ'కి చోటు దొరకదు. దాన్ని చివర తగిలిస్తే, కొత్త బ్యారేజీకి పేరు పెట్టాక మళ్లీ పాత ఆనకట్ట దగ్గరికి వెళ్లినట్టవుతుంది. సంవత్సరాలు సాయం చేస్తాయి కానీ వాటినే నమ్ముకోకూడదు.

ఇప్పుడు జంటలు చూడు. 'బి'లో "దాని స్థానంలో" అంది. ఒకటి పోతేనే దాని స్థానంలో ఇంకొకటి వస్తుంది, కాబట్టి ముందు 'డి' ఉండాలి. డి-బి ఒక జంట. "ఈ కొత్త కట్టడం" అంటే బ్యారేజీ, కనుక 'బి' వెనకే 'ఇ'. ఇక 'డి'లోని "కానీ" సంగతి. ముందు చెప్పినదానికి ఎదురు తిరిగేటప్పుడే ఆ మాట వాడతాం. వందేళ్లు నిలిచింది, కానీ తెగింది. అందుకే 'డి'కి ముందు 'ఏ' రావాలి. మిగిలింది 'సి', "ఒక ఆనకట్ట" అని పరిచయం చేస్తోంది. ఇంగ్లీషులో ఈ పని 'ఎ' అనే ఆర్టికల్ చేస్తుంది, తర్వాతి వాక్యంలో అదే 'ది' అవుతుంది. సి, ఏ, డి, బి, ఇ.

చూశావా, మొదటి వాక్యం చివర్లో తనంతట తనే దొరికింది.

పరీక్షలో ఆప్షన్లు ఇస్తే పని ఇంకా తేలిక. డి-బి పక్కపక్కన లేనివన్నీ కొట్టేయి. రెండు మిగిలితే, అవి ఎక్కడ తేడాగా ఉన్నాయో ఆ ఒక్క చోటే చదువు. ఐదు వాక్యాలూ మళ్లీ మొదటినుంచి చదివితే టైమంతా అక్కడే పోతుంది.

ఒక్క జాగ్రత్త. సర్వనామం ఉన్న వాక్యం మొదట రాదని గుడ్డిగా అనుకోకు. "తన చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ప్రకాశం" లాంటి వాక్యంలో 'తన' ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది, అది మొదట రావచ్చు. 'అది', 'ఆయన' అన్నప్పుడు ఎవరో ఆ వాక్యంలోనే తెలుస్తుందా, లేక వెనక్కి చూడాలా అని అడుగు. వెనక్కి చూడాల్సి వస్తేనే దానికి జంట ఉన్నట్టు.

ఆ తప్పిన నాలుగు ప్రశ్నలూ ఆదివారం వచ్చేటప్పుడు పట్టుకురా. జంటల కింద పెన్సిల్‌తో గీతలు గీసి తీసుకురా, జవాబులు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న