48 యూరియా బస్తాలు, ఒక ఆడిట్ పేరా

ప్రశ్న: విజయనగరంలో ఒక ఆడిట్ ఆఫీసులో చేరి ఏడు నెలలైంది. నేను రాసిన పేరాలు మా సార్ తిప్పి పంపేశారు. "ఇది ఆడిట్ రిపోర్టా, పోలీసు కంప్లయింటా?" అన్నారు. తప్పు కళ్లకు కనిపిస్తున్నప్పుడు మెత్తగా రాయడమంటే దాన్ని దాచినట్టే కదా? అసలు ఎలా రాయాలి?

జవాబు: నా మొదటి పేరా కూడా ఇలాగే తిరిగొచ్చింది. అంతకంటే ముందు ఊళ్లో గొడవ కూడా అయింది.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార నీళ్లు పారే ఒక ఊరి సహకార సంఘం. ఆగస్టు నెల, ఉభాలు అయ్యి యూరియా కోసం రైతులు లైన్లో నిలబడే రోజులు. పొద్దున్నే, అమ్మకాలు మొదలవకముందే గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టాను. 292 ఉన్నాయి. స్టాకు రిజిస్టర్‌లోనూ, ఈ-పాస్ మిషన్‌లోనూ 340. తేడా 48. బస్తా 266.50 చొప్పున 12,792 రూపాయలు. ఆ రాత్రే ఇలా రాసేశాను:

"సెక్రటరీ 48 బస్తాల యూరియాను బయట అమ్ముకుని, ఆ సొమ్మును ఉద్దేశపూర్వకంగా దుర్వినియోగం చేశారు."

మర్నాడు అది చదివిన సెక్రటరీ గారు, "ఏటి బాబూ, నానేటి దొంగనా?" అని లేచిపోయారు. ప్రెసిడెంటు వచ్చారు, ఇద్దరు డైరెక్టర్లు వచ్చారు. రెండు గంటలు ఆయన పరువు గురించే మాట్లాడుకున్నాం, బస్తాల సంగతి ఎవరూ ఎత్తలేదు. చివర్లో ఆయన, "అసలు నువ్వు సరిగ్గా లెక్కపెట్టలేదు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. లెక్క కాగితం మీద ఆయన సంతకం తీసుకోలేదు మరి. మళ్లీ లెక్కపెడితే 271 వచ్చాయి. ముందురోజు లెక్క తర్వాత మిషన్‌లో అమ్మకం 21. రెండూ కలిపితే 292 తేలింది కాబట్టి బతికాను. ఈసారి ఇద్దరం సంతకాలు చేశాం.

ఆ తర్వాతే అసలు పని మొదలైంది. తేడా ఎందుకు వచ్చిందని అడిగితే, 8, 9 తేదీల్లో వేలిముద్రలు పడలేదని, సర్వర్ కూడా రాలేదని, రైతులు ఊరుకోకపోతే చేతిరాత స్లిప్పుల మీద ఇచ్చానని చెప్పారు. స్లిప్పులు తెప్పించి చూశాను. 31 బస్తాలకు రైతు పేరు, పాసుపుస్తకం నంబరు, సంతకం ఉన్నాయి. 11వ తేదీన క్యాష్‌బుక్‌లో 8,261.50 జమ కూడా ఉంది. అంటే నా వాక్యంలో దాదాపు మూడింట రెండు వంతులు అబద్ధం. మిగిలిన 17 బస్తాలు అప్పుకి ఇచ్చాను, రాసుకోలేదు అన్నారు. వాటికి కాగితం ముక్క లేదు.

మళ్లీ రాసిన పేరా ఇది:

"14వ తేదీ ఉదయం అమ్మకాలకు ముందు గోడౌన్‌లో 292 బస్తాల యూరియా ఉంది. ఆ రోజు స్టాకు రిజిస్టర్, ఈ-పాస్ నిల్వ ఒక్కొక్కటి 340. తేడా 48 బస్తాలు, విలువ రూ.12,792 (అనుబంధం 1: 15వ తేదీన మళ్లీ లెక్కించి, సెక్రటరీ, ఆడిటర్ సంతకాలు చేసిన లెక్క పత్రం, అనుబంధం 2: మిషన్ ప్రింటు). ఇందులో 31 బస్తాలు 8, 9 తేదీల్లో చేతిరాత స్లిప్పులపై ఇచ్చినట్టు ఉంది; వాటి సొమ్ము రూ.8,261.50 11న క్యాష్‌బుక్‌లో జమ అయింది (అనుబంధం 3). ఈ అమ్మకాలు ఈ-పాస్‌లో నమోదు కాలేదు. మిగిలిన 17 బస్తాలకు, విలువ రూ.4,530.50, స్లిప్పు గాని జమ గాని ఆడిట్‌కు అందలేదు. ఇవి అప్పుపై ఇచ్చినట్టు సెక్రటరీ తెలిపారు. రైతుల పేర్లు 15న రాతపూర్వకంగా అడిగాం. ఆడిట్ ముగిసిన 18 వరకు రాలేదు."

ఇందులో మెత్తదనం ఎక్కడుందో చెప్పండి. మొదటి పేరాను ఆ 31 స్లిప్పులు చూపించి ఎవరైనా కొట్టిపారేయగలరు, దాంతోపాటు 17 బస్తాలూ కొట్టుకుపోతాయి. రెండోదాన్లో ఏ వాక్యాన్ని కాదనాలన్నా ఒక కాగితం తేవాలి. ఆ 17 ఒంటరిగా నిలబడిపోయాయి. సెక్రటరీ గారికి కూడా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఈ రెండోదే.

ఇక మాటల దగ్గరికి వద్దాం. "దొంగ", "మాయం" లాంటివి ఎవరైనా తీసేస్తారు. మనకు తెలియకుండా నింద దూరేది క్రియల్లోనే. "తెలిపారు" అంటే ఆయన చెప్పింది మనం రాశాం. "ఒప్పుకున్నారు" అంటే తప్పు ఉందని మనం ముందే తీర్పు ఇచ్చేశాం. "రసీదులు లేవు" అనాలంటే ప్రపంచంలో ఎక్కడా లేవని మీకు తెలిసుండాలి. "చూపలేదు" అంటే ఉండీ దాచారనే వాసన వస్తుంది. "ఫలానా తేదీన అడిగాం, ఫలానా తేదీ వరకు అందలేదు" అంటే మీ దస్త్రం నిరూపించగలిగింది అంతే. అందుకే నోటితో అడిగింది అడిగినట్టు కాదు, చిన్న చీటీ అయినా రాసి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. "ఉద్దేశపూర్వకంగా" అనేది మనిషి మనసులోది. దానికి మీరు ఏ అనుబంధం జతచేస్తారు?

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, మా ఆఫీసులో పెద్దవాళ్లే చేస్తారు. "స్టాకులో కొన్ని వ్యత్యాసాలు గమనించడమైనది, తగు చర్య తీసుకోవలెను." ఎన్ని బస్తాలు, ఏ రోజు, ఎవరి బాధ్యతలో ఉన్న గోడౌన్, ఏమీ ఉండదు. తటస్థంగా రాయడమంటే ఇది కాదు. పేరు బదులు హోదా రాస్తే చాలు, హోదా కూడా ఎగరగొట్టక్కర్లేదు.

పర్యవసానం కూడా నిరూపించగలిగినంతే రాయండి. నేను మొదట "రైతులు యూరియా దొరక్క నష్టపోయారు" అని కలిపాను. ఏ రైతునీ అడగలేదు, తీసేశాను. దాని బదులు, మిషన్‌లో నమోదు కాని 31 బస్తాలు ప్రభుత్వ లెక్కలో ఇంకా అమ్ముడుపోని నిల్వగానే కనిపిస్తాయని రాశాను. ఎరువుల కంపెనీకి సబ్సిడీ వెళ్లేది ఈ-పాస్ అమ్మకాన్ని బట్టే కాబట్టి అది చిన్న విషయమేమీ కాదు.

నిజంగా మోసమే అనిపిస్తే? ఉదాహరణకి ఒకే రైతు పేరున రెండు స్లిప్పుల్లో సంతకాలు వేరుగా ఉన్నాయనుకోండి. "ఫోర్జరీ" అనకండి. "రెండు సంతకాలు ఒకేలా లేవు" అని రాసి రెండు నకళ్లూ పెట్టండి, మీ సార్‌కి విడిగా వెంటనే చెప్పండి. 1964 నాటి సహకార సంఘాల చట్టంలో ఆడిట్‌కి 50వ సెక్షన్, విచారణకి 51, బాధ్యుల నుంచి సొమ్ము రాబట్టే సర్‌చార్జీకి 60 వేరువేరుగా ఉన్నాయి. దోషి ఎవరో తేల్చే పని తర్వాతి రెండింటిది, అక్కడ అవతలివాళ్లు చెప్పుకునే వీలు కూడా ఉంటుంది. వాళ్లు తెరిచి చూసేది మన అనుబంధాలే.

మా 17 బస్తాల సంగతి చెప్పాలి కదా. నెల తర్వాత సెక్రటరీ గారు 4,530.50 సంఘంలో కట్టి రసీదు పంపారు. పక్క సీటు కుర్రాడు "తప్పు ఒప్పుకుని కట్టారు అని రాసేద్దామా" అన్నాడు. నేను రాసింది: "సొమ్ము జమ అయింది, రసీదు నకలు జతచేశాం. బస్తాలు ఎవరికి వెళ్లాయో తెలిపే పత్రం ఇప్పటికీ అందలేదు."