లెంట్ 40 రోజులా, 46 రోజులా?

లెంట్ అంటే 40 రోజులంటారు, క్యాలెండర్‌లో 46 వస్తున్నాయి. ఇంటర్ చదివే నేను ఉపవాసం ఎలా ఉండాలి?

ఆదివారాలు లెక్కలోకి రావు. ఆదివారం యేసు పునరుత్థానాన్ని గుర్తుచేసే రోజు కదా. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు శనివారం దాకా వచ్చే ఆరు ఆదివారాలు తీసేస్తే 40. అరణ్యంలో యేసు ఉపవాసమున్నదీ అన్ని రోజులే.

కథోలిక సంఘంలో ఉపవాసం 18 నిండినవారికే తప్పనిసరి, అదీ భస్మ బుధవారం, గుడ్ ఫ్రైడే నాడే: ఒక పూట కడుపునిండా తిని, మిగతా రెండు పూటలా కొంచెం తినాలి. 14 నిండితే ఆ రోజుల్లో మాంసం మానేయాలి. ఇతర సంఘాల్లో పద్ధతి వేరు, మీ పాస్టరుగారిని అడగండి.

పరీక్షల టెన్షన్‌లో పూట భోజనం మానేసి కళ్లు తిరిగి పడిపోవడం ఉపవాసం కాదు. సాయంత్రం తినే 20 రూపాయల పఫ్ మానేసి, ఆ డబ్బు డబ్బాలో వేయండి. 40 రోజులకు 800 అవుతుంది. యెషయా 58వ అధ్యాయం చెప్పే ఉపవాసం ఇదే: ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడం. ఆ డబ్బుతో ఒక ఇంటికి బియ్యం, పప్పు కొనివ్వొచ్చు. ఎవరికిచ్చారో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. మత్తయి 6వ అధ్యాయంలో యేసు వద్దన్నది సరిగ్గా అదే.

ధ్యానానికి మార్కు సువార్త చాలు. రాత్రి పడుకునేముందు పది, పదిహేను వచనాలు చదివి, ఈ రోజు ఎవరిని నొప్పించానో ఒక్క వాక్యం రాసుకోండి.