ఆబ్దికం తేదీ మీద ఇద్దరు పురోహితులు రెండు మాటలు చెబితే ఎలా తేల్చుకున్నామంటే

"మా నాన్నగారి ఆబ్దికం తేదీ మా ఊరి పురోహితులు ఒకటి చెప్తున్నారు. మేముండే చెన్నైలో శాస్త్రిగారు నెల ముందే చెయ్యాలంటున్నారు. ఇద్దరూ గట్టిగానే చెప్తున్నారు. ఎవరి మాట వినాలి?"

అచ్చం ఇదే మా ఇంట్లో 2023లో జరిగింది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు ఒక మాట. ఇద్దరిలో ఒకరు తప్పు లెక్క కట్టారనుకుని మీరు టెన్షన్ పడుతున్నారేమో, చాలా వరకు అది కాదు. ఇద్దరి లెక్కా సరైనదే, కాకపోతే ఇద్దరూ లెక్కపెడుతున్న నెలలు వేరు.

మా నాన్నగారు 2021 నవంబర్ 13న, మధ్యాహ్నం పూట, చెన్నైలో మా ఇంట్లోనే పోయారు. ఆ వేళకి ఉన్నది కార్తీక శుద్ధ దశమి. కర్మలన్నీ ఇక్కడి శాస్త్రిగారే చేయించారు, చాలా శ్రద్ధగా చేయించారు. మరుసటి ఏడాది సంవత్సరీకానికి ఆయన చెప్పిన తేదీ, రాజమండ్రిలో ఉన్న మా అన్నయ్య అక్కడి పురోహితుల్ని అడిగి చెప్పిన తేదీ ఒకటే, 2022 నవంబర్ 3. దాంతో మాకు అసలు తేడా అనేది ఉంటుందనే తెలీలేదు.

2023 సెప్టెంబర్‌లో భోక్తల సంగతి మాట్లాడదామని ఫోన్ చేస్తే శాస్త్రిగారు అక్టోబర్ 24 అన్నారు. అంటే విజయదశమి రోజు. అన్నయ్య వెంటనే, అదేంట్రా, మన పంచాంగం ప్రకారం నవంబర్ 22 కదా అన్నాడు. దాదాపు నెల రోజుల తేడా. అమ్మ అయితే రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఏ రోజు తప్పినా ఆయన ఆ ఏడాదంతా ఆకలితో ఉండిపోతారేమో అని ఆవిడ బాధ.

విషయం ఏంటంటే, మన తెలుగువాళ్ళు తిథిని చాంద్రమాన మాసంతో కలిపి పట్టుకుంటారు. పోయింది కార్తీక శుద్ధ దశమి అయితే ప్రతి ఏడూ కార్తీక శుద్ధ దశమే. తమిళుల్లో మాసం సౌరమానం. సూర్యుడు తులారాశిలో ఉన్నన్నాళ్ళూ, అంటే అక్టోబర్ 18 ప్రాంతం నుంచి నవంబర్ 16 దాకా, వాళ్ళకి ఐప్పసి నెల. నాన్నగారు పోయినరోజు ఐప్పసిలోనే ఉంది కాబట్టి శాస్త్రిగారి లెక్కలో ప్రతి ఏడూ ఐప్పసిలో వచ్చే శుద్ధ దశమి చూడాలి. పక్షం, తిథి ఇద్దరికీ ఒకటే, నెల ఒక్కటే వేరు. (కేరళలో అయితే తిథి కూడా కాదు, వాళ్ళ సౌరమాసంలో వచ్చే జన్మ నక్షత్రం లాగానే పోయిన నాటి నక్షత్రం చూస్తారు.)

మరి 2022లో ఎందుకు కలిసింది, 2023లో ఎందుకు విడిపోయింది? 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఒక నెల అదనంగా దూరడంతో ఆ తర్వాత చాంద్రమాసాలన్నీ వెనక్కి జరిగాయి. కార్తీక శుద్ధ దశమి నవంబర్ 22కి వెళ్ళిపోయింది, అప్పటికి సూర్యుడు వృశ్చికంలో ఉన్నాడు. ఐప్పసిలో పడిన శుద్ధ దశమేమో ఆశ్వయుజానిది, అంటే దసరా నాటిది. అధిక మాసం వచ్చిన ఏడాది ఇలా విడిపోయి, తర్వాత మళ్ళీ కలుస్తాయి. మాకు 2024లో, 2025లో కలిశాయి. మీక్కూడా ఇన్నాళ్ళూ లేని గొడవ ఇప్పుడే వచ్చిందంటే ముందు ఆ ఏడాది అధిక మాసం ఉందేమో చూడండి.

ఇది అర్థమయ్యాక ప్రశ్న మారిపోయింది. ఏ పురోహితుడు గొప్ప అన్నది కాదు, మా ఇంట్లో ఇంతకుముందు ఏ మానం నడిచింది అన్నది. ఆబ్దికం విషయంలో తండ్రీ తాతా నడిచిన దారే మన దారి అని ఇద్దరు పురోహితులూ ఒప్పుకున్నారు, అది మాకు చాలా కలిసొచ్చింది. ఇంక దానికి రుజువు కావాలి. నాన్నగారు బతికుండగా తాతగారి తద్దినం ఎప్పుడు పెట్టేవారో అమ్మకి తిథి గుర్తుంది, మాఘ బహుళ షష్ఠి. కానీ తిథి గుర్తుంటే చాలదు కదా, ఏ మానమో తెలియాలి.

అన్నయ్య అటక మీద నుంచి పాత పంచాంగాలు దింపాడు. నాన్నగారికి ఓ అలవాటు ఉండేది, ఏడాది మొదట్లోనే తద్దినం రోజు పక్కన ఎర్ర సిరాతో చిన్న గీత పెట్టి "నాన్న" అని రాసుకునేవారు. ఒక పంచాంగంలో ఆ గీత 2015 ఫిబ్రవరి రెండో వారంలో ఉంది, తర్వాతి దాంట్లో 2016 ఫిబ్రవరి ఆఖర్లో. మొదటి తేదీకి సూర్యుడు ఇంకా మకరంలోనే ఉన్నాడు, రెండో తేదీకి కుంభంలో ఉన్నాడు. సౌరమానం పాటించే ఇంట్లో ఒకే మనిషి ఆబ్దికం రెండు వేర్వేరు సౌరమాసాల్లో పడదు. మధ్యలో 2015లో అధిక ఆషాఢం వచ్చింది, అందుకే ఆ జరుగుడు. ఆ రెండు ఎర్ర గీతలతో మాకు సంగతి తేలిపోయింది. అన్నయ్య ఫోటోలు తీసి పంపిస్తే అమ్మ ఆ అక్షరాలు చూసి చాలాసేపు ఏడ్చింది.

మీరూ ఇలాగే చెయ్యండి. ఒక్క ఏడాది తేదీ చూస్తే ఏమీ తెలియదు. అధిక మాసానికి ముందు ఏడాది ఒకటి, తర్వాత ఏడాది ఒకటి, రెండూ కావాలి. పంచాంగాలు లేకపోతే మీ పెదనాన్నగారినో బాబాయిగారినో, లేదంటే మీ గోత్రం దాయాదుల్నో అడగండి. "ఎప్పుడు పెడతారు" అని కాకుండా "అధిక మాసం వచ్చిన ఏడాది ఏం చేశారు" అని అడగండి. తరాలుగా తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబం మీదై, మీ తాతగారే సౌరమానంలో చేసి ఉంటే, ఇప్పుడు పంచాంగం చూసి మార్చాల్సిన పని లేదని నా అభిప్రాయం. అప్పుడు మీ శాస్త్రిగారి మాటే మీ ఇంటి మాట.

శాస్త్రిగారికి చెప్పడానికి నేను చాలా భయపడ్డాను, ఆయన నొచ్చుకుంటారేమో అని. పంచాంగం ఫోటోలు చూపిస్తే ఆయన ఒక్క నిమిషం చూసి, మీ పెద్దలు చేసినట్టే చేద్దాం, సంకల్పం మాత్రం మార్చి చెప్తాను అన్నారు. ఈ సంకల్పం సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. 2022లో ఆయన నాకు చదువుకోడానికి రాసిచ్చిన చీటీ ఇంకా నా దగ్గరే ఉంది, అందులో "తులా మాసే శుక్ల పక్షే దశమ్యాం" అని ఉంది. నేను అలాగే పలికాను. మన సంకల్పంలో అయితే "వ్యావహారిక చాంద్రమానేన" అన్న మాట ముందే వస్తుంది, తర్వాత "కార్తీక మాసే" అంటాం. ఏ మానమో మంత్రంలోనే ఉంది, మనం వినం అంతే. మీ పురోహితులు ఏ లెక్కలో చేయిస్తున్నారో తెలుసుకోవాలంటే సంకల్పంలో రాశి పేరు వస్తోందా, మాసం పేరు వస్తోందా అని చెవి పెట్టి వినండి. 2022లో అలా పలికినందుకు ఏమైనా చెయ్యాలా అని రాజమండ్రి పురోహితుల్ని అడిగితే, రోజు సరైనదే కదా, దాన్ని అలా వదిలెయ్యండి అన్నారు.

మిగతా తంతులో మాకు పెద్ద ఇబ్బంది రాలేదు. శాస్త్రిగారిదీ మాదీ ఆపస్తంబ సూత్రమే, అంటే కర్మలు చేయించే పద్ధతి ఒకటే. విశ్వేదేవుల స్థానం, పితృస్థానం, తండ్రి తాత ముత్తాతలకి మూడు పిండాలు, అన్నీ అలాగే ఉన్నాయి. మీ పురోహితుల సూత్రం వేరైతే మాత్రం అది ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే అప్పుడు తంతు జరిపే తీరే మారుతుంది, తేదీతో ఆగదు.

మధ్యలో అన్నయ్య, ఎందుకొచ్చిన గొడవ, రెండు రోజులూ పెట్టేస్తే పోలా అన్నాడు. ఇద్దరు పురోహితులూ విడివిడిగా వద్దనే అన్నారు. ప్రత్యాబ్దికం ఏడాదికి ఒకసారి, మృత తిథి నాడు. రెండుసార్లు పెడితే అందులో ఒకటి మన లెక్కలో మృత తిథే కాదు, దానికి సంకల్పం ఏమని చెప్తాం? నాకు ఆ మాట సబబుగా అనిపించింది. నవంబర్ 22నే పెట్టాం, అన్నయ్య వచ్చాడు, ఇద్దరం కలిసే చేశాం.

ఇంకో రకం తేడా కూడా వస్తుంది, దాన్ని దీనితో కలపొద్దు. నెల కాకుండా ఒక్క రోజు తేడా వస్తే అది మానం గొడవ కాదు, అపరాహ్ణం గొడవ. గత ఏడాది, 2025లో, గోడ క్యాలెండర్లో నవంబర్ 1న దశమి ఉంది, ఎందుకంటే క్యాలెండర్ సూర్యోదయానికి ఉన్న తిథి చూపిస్తుంది. ఆబ్దికానికి చూడాల్సింది అపరాహ్ణానికి ఉన్న తిథి. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగో భాగం అపరాహ్ణం, ఆరింటి నుంచి ఆరింటి దాకా పగలు అనుకుంటే మధ్యాహ్నం 1.12 నుంచి 3.36 వరకు. దశమి అక్టోబర్ 31 ఉదయం పది ప్రాంతంలో వచ్చి మర్నాడు ఉదయం తొమ్మిది దాటగానే పోయింది. కాబట్టి అపరాహ్ణానికి దశమి ఉన్నది 31నే, ఆ రోజే పెట్టాం. ఇద్దరు పురోహితులూ ఇందులో ఒకటే మాట, క్యాలెండర్ చూసి కంగారుపడింది నేనే.

కాశీలోనో గయలోనో చేయించేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. అక్కడ నెల పౌర్ణమితో ముగుస్తుంది, అందుకని బహుళ పక్షంలో మన శ్రావణం వాళ్ళకి భాద్రపదం. రోజు ఒకటే, పేరే వేరు. "శ్రావణ బహుళ" అని చీటీ మీద రాసిచ్చేస్తే నెల ముందు తేదీ చెప్పే ప్రమాదం ఉంది, ఇంగ్లీషు తేదీ కూడా రాయండి.

2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి మాకు మళ్ళీ రెండు తేదీలూ విడిపోతాయి. మన లెక్కలో నవంబర్ 19 దగ్గర పడుతుంది, ఐప్పసి దశమి మళ్ళీ దసరాకే. శాస్త్రిగారికి ఉగాదప్పుడే చెప్పాం, ఆయన తన డైరీలో మా పేరు పక్కన "చాంద్రమానం" అని రాసుకున్నారు.